లోన్ ఆలస్యం: అగ్రిమెంట్ గడువు పెంచమని అడిగే లెటర్‌లో ఏమేం రాయాలి?

మియాపూర్‌లో పాత ఫ్లాట్ ఒకటి 62 లక్షలకు మాట్లాడుకున్నాం. 5 లక్షలు అడ్వాన్స్ ఇచ్చి అగ్రిమెంట్ రాసుకున్నాం. గడువు 60 రోజులు, అందులో ఇంకా 9 రోజులే మిగిలాయి. గడువులోపు రిజిస్ట్రేషన్ చేయించుకోకపోతే అడ్వాన్స్ తిరిగి ఇవ్వరని అందులో ఒక లైన్ ఉంది. టెన్షన్ అంతా దాని గురించే.

లోన్ రిజెక్ట్ కాలేదు. బ్యాంకు లాయరు పాత లింకు డాక్యుమెంట్ సర్టిఫైడ్ కాపీ అడిగారు, అది ఓనర్ దగ్గర నుంచి రావడానికే మూడు వారాలు పట్టింది. ఆయన ఫోన్‌లో "పర్లేదు బాబూ, ఇంకో నెల చూద్దాం" అన్నారు. మంచాయనే, కానీ ఫ్లాట్ భార్యాభర్తలిద్దరి పేరు మీదా ఉంది, ఆవిడతో నేను మాట్లాడనే లేదు.

గడువు దాటకముందే లెటర్ ఇచ్చి, తర్వాత స్టాంపు పేపర్ మీద చిన్న సప్లిమెంటరీ అగ్రిమెంట్ రాసి ఇద్దరి సంతకాలూ తీసుకుందామనుకుంటున్నాను. పాత అగ్రిమెంట్ తేదీ, ఫ్లాట్ వివరాలు, ముట్టిన అడ్వాన్స్, "ఒక నెల" అని కాకుండా కచ్చితమైన కొత్త తేదీ, ధర సహా మిగతా షరతులు మారవన్న మాట రాశాను. బ్యాంకు లాయరు కాపీ అడిగిన మెయిల్ జత చేస్తున్నాను.

రెండు సందేహాలు. కొత్త తేదీ వరకు అడ్వాన్స్ జప్తు లైన్ వర్తించదని విడిగా రాయాలా? ఆలస్యం వాళ్ల కాగితం వల్లేనని రాస్తే ఆయన నొచ్చుకుంటారేమో, తేదీలు మాత్రం వేస్తే సరిపోతుందా? ఇలా గడువు పెంచుకున్నవాళ్లు చెప్పండి.