టాంపాన్ పెట్టుకున్న రోజున జ్వరం, కళ్ళు తిరగడం: ఫుడ్ పాయిజనింగా, ఇంకేమైనానా?

చెల్లి కోసం అడుగుతున్నా:
మా చెల్లికి 19 ఏళ్ళు, హాస్టల్లో ఉంటుంది. పీరియడ్స్ మూడో రోజు. రాత్రి పడుకునే ముందు ఎక్కువ పీల్చే రకం టాంపాన్ పెట్టుకుందట. తెల్లవారేసరికి చలి, 102.8 జ్వరం. రెండుసార్లు వాంతి, నీళ్ళ విరేచనాలు. పారాసిటమాల్ వేసుకుని పడుకుంది. ఇప్పుడు బాత్రూంకి వెళ్ళడానికి లేస్తే కళ్ళు బైర్లు కమ్మి గోడ పట్టుకుందట. మెడ, ఛాతీ ఎర్రగా ఉన్నాయి, దురద లేదు. రూమ్మేట్ ఫుడ్ పాయిజనింగ్ అంటోంది. సాయంత్రం దాకా ఓఆర్ఎస్ తాగిస్తూ చూడొచ్చా?

ఎమర్జెన్సీ నర్సు:
అమ్మా, సాయంత్రం దాకా ఆగొద్దు. ఇది టాక్సిక్ షాక్ కావచ్చు, అంటే బాక్టీరియా వదిలే విషం ఒంట్లో పాకి బీపీ పడిపోయే జబ్బు. ముందు ఒక్కటి చెప్పండి, ఆ టాంపాన్ ఇంకా లోపలే ఉందా? ఉంటే ఇప్పుడే తీసేయమనండి. చేతులు కడుక్కుని, గొంతుక్కూర్చుని, దారం పట్టి మెల్లగా లాగితే వచ్చేస్తుంది. టాంపాన్ బదులు మెన్‌స్ట్రువల్ కప్ అయితే అడుగు భాగాన్ని నొక్కి గాలి పట్టు వదిలించి తీయాలి. చేతికి అందకపోతే దానితోనే కుస్తీ పడుతూ కూర్చోవద్దు, ఆస్పత్రిలో తీస్తారు. లోపల నీళ్ళతో కడగడం, ఇంకో టాంపాన్ పెట్టుకోవడం వద్దు. ప్యాడ్ చాలు.

తర్వాత నేరుగా క్యాజువాలిటీకి. ఒంటరిగా పంపకండి, తను బండి నడపకూడదు. కళ్ళు తిరుగుతుంటే పడుకోబెట్టి కాళ్ళ కింద దిండు పెట్టి అంబులెన్స్ పిలవండి. మాటలు తడబడుతున్నా, స్పృహ తప్పుతున్నా, చేతులు చల్లబడి ఊపిరి వేగంగా తీస్తున్నా క్షణం కూడా ఆలస్యం చేయొద్దు.

కప్ వాడే అమ్మాయి:
భయపెట్టకండి అక్కా. టాక్సిక్ షాక్ టాంపాన్లకే వస్తుంది, అదీ 8 గంటలు దాటితేనే. నేను అందుకే కప్‌కి మారాను, దానికి ఆ బాధ లేదు.

ఎమర్జెన్సీ నర్సు:
గంటల సంగతి సగమే నిజం తల్లీ. ఎక్కువసేపు ఉంచితే, అవసరానికి మించి పీల్చేది వాడితే ముప్పు పెరుగుతుంది. 1980లో అమెరికాలో ఇది ఒక్కసారిగా పెరిగింది విపరీతంగా పీల్చే టాంపాన్ల వల్లే. కానీ 8 గంటలు దాటలేదు కాబట్టి రాదు అనుకోకూడదు. కప్ వాడినవాళ్ళకీ వచ్చిన కేసులు ఉన్నాయి, అరుదే అయినా. అసలు కారణం టాంపాన్ కాదు, స్టెఫిలోకాకస్ అనే బాక్టీరియా వదిలే విషం. ఆ బాక్టీరియా చాలామంది ఒంటి మీద మామూలుగానే ఉంటుంది. వయసు పెరిగేకొద్దీ ఎక్కువమందిలో ఆ విషాన్ని ఎదుర్కొనే శక్తి తయారవుతుంది. చిన్నవయసు పిల్లల్లో కొందరికి ఇంకా తయారై ఉండదు, అందుకే 19 ఏళ్ళు అనగానే నాకు కంగారుగా ఉంది.

అమ్మ, ఇద్దరు పిల్లలు:
నాకూ పీరియడ్స్ అప్పుడు దద్దుర్లు వస్తాయి. తొడల సందుల్లో మంట, దురద. ప్యాడ్ కంపెనీ మార్చాక తగ్గింది. మీ చెల్లికీ అదే అయ్యుండొచ్చు కదా?

ఎమర్జెన్సీ నర్సు:
మీది ప్యాడ్ రాపిడి అండీ. అది ఆ చోటే ఉంటుంది, దురద పెడుతుంది, జ్వరం తేదు. ఇది వేరు. ఎండలో కమిలినట్టు ఒళ్ళంతా పరుచుకునే ఎరుపు, వేలితో నొక్కితే తెల్లబడి మళ్ళీ ఎర్రబడుతుంది. చామనఛాయ, నల్లటి ఒంటి మీద ఇది సరిగా కనపడదు. కింది కనురెప్ప లోపల, పెదవులు, నాలుక, అరచేతులు చూడండి, మామూలుకన్నా బాగా ఎర్రగా ఉంటే అదీ గుర్తే. దద్దు కనపడకపోయినా 102 పైన జ్వరం, లేస్తే కళ్ళు తిరగడం, వాంతులు ఉండి, లోపల టాంపాన్ గానీ కప్ గానీ ఉందంటే బయల్దేరాల్సిందే. ఫుడ్ పాయిజనింగ్‌లోనూ వాంతులు, విరేచనాలు, జ్వరం ఉంటాయి, అందుకే పొరపాటు పడతారు. పారాసిటమాల్ వేశాక జ్వరం దిగింది కదా అని నమ్మొద్దు. మనం భయపడేది బీపీ పడిపోవడం గురించి, దాన్ని ఆ మాత్ర ఆపలేదు.

చెల్లి కోసం అడుగుతున్నా:
తీసేసింది. కానీ డాక్టర్ దగ్గర టాంపాన్ మాట చెప్పడానికి సిగ్గుపడుతోంది. చివరికి ఏమీ కాకపోతే నవ్వుతారేమోనంటోంది.

ఎమర్జెన్సీ నర్సు:
చెప్పకపోతేనే ప్రమాదం. జ్వరం, వాంతులు అని మాత్రమే చెబితే వైరల్ జ్వరం కింద మాత్రలిచ్చి పంపేస్తారు. వెళ్ళగానే ఈ మాట చెప్పించండి: "పీరియడ్స్ మూడో రోజు, రాత్రంతా టాంపాన్ ఉంది, పొద్దున తీశాను, జ్వరం 102.8, లేస్తే కళ్ళు తిరుగుతున్నాయి, టాక్సిక్ షాక్ అని భయంగా ఉంది." పెట్టిన సమయం, తీసిన సమయం, పారాసిటమాల్ వేసిన సమయం రాసి చేతిలో పెట్టండి. నోటితో చెప్పే ఓపిక లేకపోతే రూమ్మేట్ చెబుతుంది. ఇంట్లో మిగిలిన యాంటీబయాటిక్ మాత్రలేవీ వేయకండి. అక్కడ సెలైన్, నరంలోకి యాంటీబయాటిక్ ఇస్తారు, రక్తపరీక్షలు చేస్తారు. ఏమీ కాలేదని తేలితే మంచిదే, మేమెవరం నవ్వం.

చెల్లి కోసం అడుగుతున్నా (సాయంత్రం):
వెళ్ళేసరికి బీపీ 84/50. రెండు సెలైన్లు ఎక్కించాక కొంచెం కోలుకుంది, ఐసీయూలో ఉంచారు. క్రియాటినిన్ పెరిగిందట, ప్లేట్‌లెట్స్ తగ్గాయట. స్వాబ్ తీశారు. ఇంకా ఖాయంగా చెప్పలేదు కానీ టాక్సిక్ షాక్ అనుకునే వైద్యం చేస్తున్నారు. రూమ్మేట్ ఆ కాగితం చేతికిచ్చినందుకే త్వరగా చూశారు.

ఎమర్జెన్సీ నర్సు:
మంచి పని చేశారు. రక్తం కల్చర్‌లో ఏమీ రాలేదని చెప్పినా ఆశ్చర్యపోకండి. ఈ జబ్బులో చాలాసార్లు రక్తంలో బాక్టీరియా దొరకదు, విషం మాత్రమే పాకుతుంది. ఇంకో వారం, రెండు వారాలకి అరచేతులు, అరికాళ్ళ చర్మం పొరలుగా ఊడొచ్చు. చూసి భయపడొద్దు, డాక్టరుకి మాత్రం చెప్పండి, జబ్బు ఇదేనని తేల్చడానికి అది పనికొస్తుంది.

కప్ వాడే అమ్మాయి:
అయితే కప్ ఎన్ని గంటలకి తీయాలి అక్కా? నా డబ్బా మీద 12 అని ఉంది.

ఎమర్జెన్సీ నర్సు:
12 అన్నది గరిష్ఠం. నాకైతే 8 గంటలకోసారి తీసి, కడిగి పెట్టుకోవడం మేలనిపిస్తుంది, దీనిపై డాక్టర్లందరిదీ ఒకే మాట కాదు. టాంపాన్ మాత్రం 4 నుంచి 8 గంటల్లో మార్చాల్సిందే, సరిపోయేవాటిలో తక్కువ పీల్చేది వాడాలి. ఎనిమిది గంటలకన్నా ఎక్కువ నిద్రపోయే రాత్రి ప్యాడే మంచిది.

చెల్లి కోసం అడుగుతున్నా:
తగ్గాక మా చెల్లి కప్ వాడొచ్చా మరి?

ఎమర్జెన్సీ నర్సు:
ఒకసారి వచ్చినవాళ్ళకి మళ్ళీ వచ్చే అవకాశం ఉంటుంది, చాలాసార్లు తర్వాతి పీరియడ్స్‌లోనే. అందుకే టాంపాన్ ఇక వద్దనే అంటారు. కప్ సంగతి నేను చెప్పలేను, డిశ్చార్జ్ రోజు గైనకాలజిస్టునే అడగండి. ఈలోపు ప్యాడ్లు. వచ్చే నెల పీరియడ్స్‌లో ప్యాడ్ వాడుతున్నా సరే, జ్వరమో కళ్ళు తిరగడమో వస్తే ఈసారి డిశ్చార్జ్ కాగితం పట్టుకుని అదే రోజు వెళ్ళండి.