తిండి వాసనకే కడుపులో దేవడం, దీనికి ఒక్క మాట ఉందా?

నిద్రగన్నేరు: గ్రూపులో పెద్దలకి ఒక డౌటండీ. తిన్నాక కాదు, తినకముందే, పొయ్యి మీద ఏదో ఉడుకుతున్న వాసన తగిలినా ప్లేటు కళ్లబడినా కడుపులో దేవుతుంది చూడండి, దానికి ఒక్క మాట ఉందా? వికారం అంటే ప్రిస్క్రిప్షన్ చదివినట్టుంది.

పాతచొక్కా: వేవిళ్లు. ఇంకేం ఆలోచించక్కర్లేదు.

బావిగట్టు: సగమే కరెక్ట్ సార్, అది కడుపుతో ఉన్నవాళ్లకే. మామూలుగా 6వ వారం దగ్గర మొదలై 9వ వారానికి ముదిరి 4వ నెలలో చాలామందికి సర్దుకుంటాయి. మాయ నుంచి జీడీఎఫ్ 15 అనే హార్మోన్ బాగా పెరిగి మెదడులో వాంతిని నడిపే చోట పనిచేస్తుందని, అంతకుముందు ఒంట్లో అది తక్కువగా ఉన్నవాళ్లకి బాధ ఎక్కువని 2023లో తేల్చారు.

చీమలపుట్ట: నేను మగాణ్ని, నాకేం వేవిళ్లండీ 😀 నాది మైగ్రేన్. ఆఫీసులో పక్క సీటాయన డబ్బా మూత తీస్తాడా, నోట్లో నీళ్లూరి డోకొస్తుంది, గంటకల్లా కుడి కణత పోటు మొదలు. ఆ డబ్బానే కారణం, సీటు మార్చమని అడిగా.

బావిగట్టు: రోజూ అదే డబ్బా తెరుస్తాడు కదా, రోజూ తలనొప్పి వస్తోందా?

చీమలపుట్ట: లేదు, నెలకి రెండుమూడు సార్లే.

బావిగట్టు: అయితే ఆ రోజుల్లో మైగ్రేన్ అప్పటికే లోపల మొదలైపోయి ఉండొచ్చు, నొప్పికి ముందే కొందరికి వాసనలు పడవు. పొద్దుట్నుంచి ఆవలింతలు, మెడ పట్టేయడం ఉన్నాయేమో రాసి పెట్టుకోండి. వాసనే అటాక్ తెప్పించడమూ ఉందిలెండి, కాబట్టి డబ్బాని పూర్తిగా వదిలేయలేం. ఇంకోటి, అటాక్‌లో కడుపు కదలిక మందగిస్తుంది, వేసిన మాత్ర అక్కడే ఉండిపోయి ఆలస్యంగా పనిచేస్తుంది. అందుకే నొప్పి మొదలవగానే వేసుకోమంటారు, వాంతి ఆపే మందు కూడా కలిపి ఇస్తారు, అయినా ఇమడకపోతే ముక్కులో స్ప్రేనో ఇంజెక్షనో. డాక్టర్ని అడగండి.

నిద్రగన్నేరు: నాకు రెండూ కాదండీ, ఇంటర్వ్యూ ఉందంటే చాలు, ప్లేటు చూడగానే మొదలు.

బావిగట్టు: టెన్షన్‌లో కూడా కడుపు నెమ్మదిస్తుంది. పైగా ఒకసారి ఏదైనా తిని వాంతైతే మెదడు ఆ తిండినే పట్టుకుంటుంది, తప్పు దానిది కాకపోయినా సరే, తర్వాత కనబడితే చాలు. చల్లారినవి తిని చూడండి, వాసన తక్కువ లేస్తుంది. ఎవరికైనా నీళ్లు కూడా ఇమడకుండా ఒంటేలు తగ్గి ముదురు రంగులో వస్తుంటే మాత్రం ఆగొద్దు, గర్భిణులైతే అసలే ఆగొద్దు.

పాతచొక్కా: ఇంతకీ మాట? వెగటు అందామా?

నిద్రగన్నేరు: వెగటు తినీ తినీ వచ్చేది కదండీ, మొహం మొత్తడం లాగా.

చీమలపుట్ట: ఓకరింత?

బావిగట్టు: అది గొంతు దాకా వచ్చాక. ఇది ఇంకా కడుపులోనే ఉంది. దేవడమే బాగుంది, కానీ నామవాచకం అడిగారు కదా ఆవిడ.