పన్ను కోయొద్దని ఇచ్చే 15జీ ఫారం మరిచిపోయాం, అమ్మ డిపాజిట్ వడ్డీలో పన్ను కోసేశారు. ఇప్పుడేం చేయాలి?

అందరికీ నమస్కారం. మాది కర్నూలు. నాన్న పోయాక వచ్చిన 12 లక్షలు అమ్మ పేరు మీద ఒక బ్యాంకులో 7 శాతానికి డిపాజిట్ చేశాం. మూడు నెలలకోసారి 21,000 వడ్డీ వస్తుంది, ఇంటి ఖర్చులకు అదే ఆధారం. ఈసారి జూన్‌లోనూ సెప్టెంబర్‌లోనూ 2,100 చొప్పున తక్కువ పడింది. అమ్మ చాలా కంగారు పడింది.

బ్యాంకులో అడిగితే, 2025-26లో వడ్డీ 50,000 దాటుతుంది కాబట్టి పది శాతం టీడీఎస్ కోశామన్నారు. పోయిన ఏడాది ఏప్రిల్‌లో 15జీ ఇచ్చాం. అది ప్రతి ఆర్థిక సంవత్సరం మళ్లీ ఇవ్వాలని మాకు తెలియదు. అమ్మకు 57 ఏళ్లు, కాబట్టి 60 నిండినవాళ్లు ఇచ్చే 15హెచ్ కుదరదు. ఏడాదికి వడ్డీ 84,000, ఫ్యామిలీ పెన్షన్ 1,08,000, రెండూ కలిపి 1,92,000. పన్ను పడే ఆదాయమే కాదు. పాన్ ముందే ఇచ్చాం.

ఇప్పుడు అక్టోబర్‌లో 15జీ ఇస్తే డిసెంబర్, మార్చి వడ్డీలో కోత ఆగుతుందా? ఇప్పటికే పోయిన 4,200 బ్యాంకు వెనక్కి ఇవ్వదట, ప్రభుత్వానికి కట్టేశారట. పన్ను కోతల వివరాలుండే 26ఏఎస్‌లో జూన్ కోత కనిపిస్తోంది. అంటే రిటర్న్ వేసి రీఫండ్ తీసుకోవడమేనా? ఇంకొకటి, ఇదే బ్యాంకు వేరే బ్రాంచిలో ఆగస్టులో చిన్న డిపాజిట్ వేశాం. ఫారంలో దాని నంబరు కూడా రాయాలా, విడిగా ఇంకో ఫారం ఇవ్వాలా?

ఇలా చేసినవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి.