(a-b)²కి ముందు కాగితం కత్తిరించి చూపించాలా, ముందు సూత్రం నేర్పాలా?

లెక్కల టీచరమ్మ:
ఎనిమిదో తరగతికి సర్వసమీకరణాలు చెబుతున్నాను. (a+b)² వైశాల్యం బొమ్మతో చక్కగా అర్థమైంది. (a-b)² దగ్గరికి వచ్చేసరికి పిల్లలు తికమక పడుతున్నారు. "తీసేస్తున్నాం కదా టీచర్, మరి చివర +b² ఎందుకు కలుపుతున్నాం?" అని అడుగుతున్నారు. బొమ్మతోనే ముందుకు పోవాలా, లేక సూత్రం నేర్పేసి కారణం తర్వాత చెప్పాలా?

ట్యూషన్ మాస్టారు:
నా మాట ముందు సూత్రమే. పదోతరగతి పిల్లలకు పాలిటెక్నిక్ ఎంట్రన్స్ కోచింగ్ ఇస్తాను. 98² అడిగితే (100-2)² అనుకుని 10000 - 400 + 4 = 9604 అని వెంటనే చెప్పాలి. అక్కడ బొమ్మ గీసే టైమ్ ఉండదు. ముందు చేతికి సూత్రం అలవాటైతే కారణం పదిరోజుల తర్వాత చెప్పినా ఎక్కుతుంది. ఇది నేను చూసి చెబుతున్న మాట.

బీఎడ్ విద్యార్థిని:
నేను ఒప్పుకోను సార్. బట్టీ పట్టినవాళ్లే (a+b)² అంటే a²+b² అని రాస్తారు. బొమ్మ చూసినవాళ్లకు మిగతా రెండు ముక్కలు కళ్ల ముందే ఉంటాయి. టీచర్ గారూ, (a-b)²కి కూడా సులువే. 10 సెం.మీ. చతురస్రం తీసుకోండి, b = 3 అనుకోండి. పక్క నుంచి ఒక 10×3 పట్టీ, కింద నుంచి ఒక 10×3 పట్టీ కత్తిరించండి. మూల రెండుసార్లు పోయింది కాబట్టి 9 మళ్లీ కలపాలి. 100 - 60 + 9 = 49. బొమ్మే నిరూపణ, ఏ విలువలకైనా సరిపోతుంది.

రిటైర్డ్ హెడ్మాస్టర్:
అమ్మా, మీ లెక్క సరైనదే. కానీ ఒక్కసారి నిజంగా కత్తెర పట్టుకుని చేసి చూడండి. పక్కన 10×3 పట్టీ కత్తిరించాక మీ చేతిలో మిగిలేది 7 సెం.మీ. వెడల్పు కాగితం. దాని కింద నుంచి వచ్చేది 7×3 పట్టీ మాత్రమే. రెండో 10×3 పట్టీ ఆ కాగితంలో లేనే లేదు. పిల్లవాడు కొలిచి 100 - 30 - 21 = 49 అని రాస్తాడు. అక్కడ +9 ఎక్కడా కనిపించదు. "మూల రెండుసార్లు పోయింది" అంటే వాడికి నమ్మకం కుదరదు, ఎందుకంటే వాడు మూలను ఒక్కసారే కోశాడు. టీచరమ్మ గారి పిల్లలు అడుగుతున్న ప్రశ్న సరిగ్గా ఇదే అని నాకనిపిస్తోంది.

నేను ఇలా చేయించేవాణ్ణి. కత్తెర ముట్టకముందే 3×3 ముక్కను విడిగా ఇచ్చి, పెద్ద చతురస్రం ఎడమ అంచుకు కింది మూల దగ్గర, బయటికి వచ్చేలా అతికించమనేవాణ్ణి. ఇప్పుడు మొత్తం కాగితం 100 + 9 = 109. కుడి పక్క నిలువుగా 10×3 పట్టీ కోయండి. తర్వాత కింద అడ్డంగా కోస్తే, మిగిలిన 7కి అతికించిన 3 కలిసి పూర్తి 10×3 పట్టీ వస్తుంది. 109 - 30 - 30 = 49. అంటే a² + b² - 2ab. రెండో పట్టీ నిండుగా రావడానికి ముందే b² అప్పు తెచ్చుకున్నామని పిల్లలే చెబుతారు. ఈ ఒక్క పని 45 నిమిషాల పీరియడ్ అంతా తీసుకుంటుంది. నాకు అది నష్టమని ఎప్పుడూ అనిపించలేదు.

ఇంకో జాగ్రత్త. b సరిగ్గా aలో సగం ఉండేలా గీయకండి. సగమైతే చతురస్రంలోని నాలుగు ముక్కలూ ఒకే కొలతకు వచ్చి, పిల్లలు b(a-b) ముక్కకూ b² ముక్కకూ తేడా చూడరు. 10, 3 మంచి జత.

ఒక నాన్న:
నాది కూడా ఇదే సమస్య అనుకుని రాస్తున్నాను. మా అబ్బాయి పరీక్షలో (2x+3)²కి 2x² + 9 రాశాడు. పక్కన బొమ్మ కూడా గీశాడు. బొమ్మ గీస్తే మార్కులు వేస్తారా వేయరా? వాడికి సున్నా వచ్చింది, ఇంట్లో అందరికీ టెన్షన్.

రిటైర్డ్ హెడ్మాస్టర్:
మార్కుల సంగతి దిద్దినవారే చెప్పాలి బాబూ. మీవాడు గీసిన బొమ్మలో భుజం మీద ఏం రాశాడో చూడండి. 2x అనేది పొడవు. ఆ భుజాన్ని రెండు x ముక్కలుగా విడగొట్టి గీయమనండి. అప్పుడు ఆ మూలలో x చతురస్రాలు రెండు కాదు, నాలుగు కనిపిస్తాయి. పక్క పట్టీలు ఒక్కొక్కటి 2x పొడవు, 3 వెడల్పు, అంటే 6x చొప్పున రెండు. మొత్తం 4x² + 12x + 9. పొడవు ఎక్కడ రాయాలి, వైశాల్యం ఎక్కడ రాయాలి అన్నది కలగాపులగం అయితే బొమ్మ ఉన్నా ఉపయోగం లేదు. భుజాల కొలతలు బొమ్మ బయట, వైశాల్యాలు గడి లోపల రాయించండి.

ట్యూషన్ మాస్టారు:
చూశారా, బొమ్మ గీసినవాడే తప్పు రాశాడు. పైగా నాకో అనుమానం. (x-5)(x+3) ఇస్తే? x = 2 అయితే భుజం మైనస్ మూడు అవుతుంది. మైనస్ మూడు సెంటీమీటర్ల కాగితం ఎక్కడ దొరుకుతుంది? "ఏ విలువలకైనా సరిపోతుంది" అన్న మాట నేను ఒప్పుకోను.

బీఎడ్ విద్యార్థిని:
అది నిజమే సార్. నేను ఎక్కువ చెప్పాను. కాగితం పని a, b ధన సంఖ్యలై, a కంటే b చిన్నదైనప్పుడే. మిగతావాటికి విభాగ న్యాయంతోనే గుణించి చూపాలి.

రిటైర్డ్ హెడ్మాస్టర్:
ఇక్కడ మాస్టారితో ఏకీభవిస్తాను. పాతకాలం వాళ్లకూ ఇదే హద్దు అడ్డొచ్చింది. తొమ్మిదో శతాబ్దంలో బాగ్దాద్‌లో అల్ ఖ్వారిజ్మీ x² + 10x = 39 అన్న సమీకరణాన్ని బొమ్మతోనే సాధించాడు. 10xను 5 వెడల్పున్న రెండు పట్టీలు చేసి, x చతురస్రానికి రెండు పక్కలా అతికించాడు. మూలలో ఖాళీ 25. అది నింపితే 64, భుజం 8, కాబట్టి x = 3. రెండో మూలం -13 ఆ బొమ్మలో కనబడదు, ఆయన లెక్కలోకీ రాలేదు. అందుకే కాగితం అయ్యాక నేను అదే బొమ్మను కొలతలు లేని గడుల పట్టికగా మార్చేవాణ్ణి. పైన x, -5. పక్కన x, +3. నాలుగు గడుల్లో x², -5x, 3x, -15. అక్కడి నుంచి అది వైశాల్యం కాదని, గుణకారం మర్చిపోకుండా రాసే పద్ధతి అని పిల్లలకు గట్టిగా చెప్పాలి.

ట్యూషన్ మాస్టారు:
పట్టిక బాగుంది, అది నేనూ వాడతాను. కత్తెర మాత్రం నా వల్ల కాదు. నా దగ్గర బ్యాచ్‌కు అరవై మంది.

లెక్కల టీచరమ్మ:
ఈ రోజు ముందే 3×3 అతికించి చేయించాను. ఎక్కువమంది 109 అని తామే రాశారు. ఆ తర్వాత సూత్రం బోర్డు మీద నేను రాయలేదు, వాళ్లే చెప్పారు. పరీక్ష కోసమని కాకుండా, అర్థమైందో లేదో చూడటానికి (p+q+r)² ఇచ్చాను, సూత్రం చెప్పకుండా. కొందరు తొమ్మిది గడులు గీసి ఆరు పదాలకు కుదించారు. మరికొందరు మళ్లీ p²+q²+r² అనే రాశారు, వాళ్లు కూడా ఉదయం కాగితం చక్కగా కోసినవాళ్లే. వాళ్లతో రేపు ఎక్కడ మొదలుపెట్టాలో ఇంకా తేల్చుకోలేదు. 23×23ను 20+3గా విడగొట్టి గడుల్లో గుణించడం నుంచి మొదలుపెడదామా అనుకుంటున్నాను. అలా చేసి చూసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.