పవర్ ప్లే కోసం ఇచ్చే అదనపు డాలరు వల్ల అసలు మారేదేమిటి?

వేదాయపాలెం వాసి (నెల్లూరు):
న్యూజెర్సీలో మా అబ్బాయి దగ్గర ఆరు నెలలు ఉండి, పోయిన నెలలోనే నెల్లూరుకు తిరిగి వచ్చాను. అక్కడ ఉన్నన్నాళ్లూ శనివారం సాయంత్రం నడకకు వెళ్లినప్పుడు దారిలోని దుకాణంలో ఒక పవర్‌బాల్ లాటరీ టికెట్ కొనడం అలవాటయింది. టికెట్ 2 డాలర్లు, జాక్‌పాట్ కాని బహుమతులను పెంచే పవర్ ప్లే అనే గుణకం పెట్టించుకుంటే మరో డాలరు. ఆ విధంగా 20 వారాల్లో 20 టికెట్లకు 60 డాలర్లు ఖర్చు చేశాను. అయిదు తెల్లబంతులు, ఒక ఎర్రబంతి అంకెల్లో ఒక్కసారి మాత్రం ఎర్రబంతిది కలిసింది. దానికి రావలసిన 4 డాలర్లు, ఆ రోజు పవర్ ప్లే అంకె 2 కావడంతో 8 డాలర్లయ్యాయి.

పవర్ ప్లే పెట్టించుకుంటే గెలిచే అవకాశం పెరుగుతుందని నేను అనుకుంటున్నాను. అదే 60 డాలర్లకు మామూలు టికెట్లు 30 వచ్చేవి కదా నాన్నా అని మా అబ్బాయి అంటున్నాడు. ఎవరి మాట సరైనది? మరొక సందేహం కూడా ఉంది. తగలని స్క్రాచ్ టికెట్లను పారేయవద్దని, వాటిని సెకండ్ ఛాన్స్ డ్రాలో నమోదు చేసుకోవచ్చని ఆ దుకాణం అతను చెప్పేవాడు. నేను అన్నీ చెత్తబుట్టలో వేశాను. వాటికి నిజంగా విలువ ఉందా?

ఒంగోలు రాఘవ:
అన్నగారూ, నేను డాలస్‌లో నాలుగేళ్లు ఉద్యోగం చేసి వచ్చాను. నా లెక్కలో పవర్ ప్లే లాభమే. గుణకాలు 2, 3, 4, 5, 10 కాబట్టి సగటున దాదాపు అయిదు రెట్లు పడుతుంది. తెల్లబంతులు అయిదూ కలిస్తే వచ్చే పది లక్షల డాలర్లు కూడా పవర్ ప్లే ఉంటే ఇరవై లక్షలవుతాయి. ఒక్క డాలరుకు ఇంతకంటే ఏమి కావాలి?

కావలి లెక్కల టీచరు:
రాఘవ గారు చివర చెప్పినది నిజం. అయిదు తెల్లబంతులు కలిస్తే వచ్చే పది లక్షలు, ఆ రోజు గుణకం ఏది పడినా, పవర్ ప్లే ఉన్న టికెట్‌కు ఇరవై లక్షలవుతాయి. సగటు మాత్రం అయిదు కాదు, ఎందుకంటే అయిదు గుణకాలకూ సమానమైన అవకాశం లేదు. మామూలు రోజున గుణకం 42 బంతుల్లోంచి వస్తుంది. వాటిలో 2 రాసినవి 24, 3 రాసినవి 13, 4 రాసినవి 3, 5 రాసినవి 2 మాత్రమే. 10 రాసిన ఒకే ఒక్క బంతిని, ప్రకటించిన జాక్‌పాట్ 15 కోట్ల డాలర్లు లేదా అంతకన్నా తక్కువ ఉన్న రోజుల్లోనే కలుపుతారు. పది లేని రోజున సగటు 2.6 రెట్లు, ఉన్న రోజున 2.77 రెట్లు. సగానికి పైగా రోజుల్లో పడేది రెండే. వేదాయపాలెం వారికి రెండు పడటంలో దురదృష్టమేమీ లేదు, ఎక్కువగా జరిగేదే జరిగింది.

ఇక అసలు ప్రశ్నకు వస్తాను. పవర్ ప్లే గెలిచే అవకాశాన్ని రవ్వంత కూడా పెంచదు. అంకెలు అవే, బంతులు అవే, ఏదో ఒక బహుమతి తగిలే అవకాశం పవర్ ప్లే ఉన్నా లేకపోయినా సుమారు 25 టికెట్లకు ఒకటి. జాక్‌పాట్‌ను అది తాకనే తాకదు. ఆ డాలరు కొనేది ఒక్కటే: కింది బహుమతుల మొత్తం పెరగడం.

ఎంత పెరుగుతుందో ఒక్కొక్క బహుమతి మొత్తాన్ని దాని అవకాశంతో గుణించి కూడి చూశాను. జాక్‌పాట్‌ను పక్కన పెడితే, మామూలు టికెట్‌లోని బహుమతుల విలువ సగటున 32 సెంట్లు. పవర్ ప్లే దానికి ఇంకో 46 సెంట్లు చేరుస్తుంది. అంటే డాలరు ఇస్తే 46 సెంట్లు తిరిగి వస్తాయి. అయితే ఆ 46లో 17 సెంట్లు, 50 వేల డాలర్ల బహుమతిలోనూ పది లక్షల బహుమతిలోనూ దాగి ఉన్నాయి. మొదటిది సుమారు 9 లక్షల 13 వేల టికెట్లకు ఒకసారి, రెండవది కోటీ 17 లక్షల టికెట్లకు ఒకసారి తగిలేది. వారానికో టికెట్ కొనే మనిషి బతుకంతా కొన్నా చూసే అవకాశం లేని డబ్బు అది. 4, 7, 100 డాలర్ల బహుమతుల ద్వారా మనిషి చేతికి నిజంగా వచ్చేది డాలరుకు 29 సెంట్లే. 20 వారాల్లో మీరు అదనంగా ఇచ్చిన 20 డాలర్లకు సగటున 6 డాలర్ల కంటే కాస్త తక్కువ రావాలి. మీకు అదనంగా వచ్చింది 4 డాలర్లు.

చీమకుర్తి సుబ్బారాయుడు:
నాకు జరిగినది చెబుతాను. వాట్సాప్‌లో ఒక మనిషి కేరళ బంపర్ టికెట్ ఇస్తానని, ఇంకో 500 రూపాయలు వేస్తే బహుమతి మూడింతలయ్యే పథకం ఉందని చెప్పాడు. డబ్బు వేశాను, టికెట్ ఫోటో పంపాడు. వారం తరువాత, మీకు రెండవ అవకాశం డ్రాలో 6 లక్షలు తగిలాయి, పన్ను కింద ముందుగా 18 వేలు కట్టండి అన్నాడు. కడదామనుకుంటుండగా మా మేనల్లుడు ఆపాడు. మీరు చెప్పే గుణకం పథకం ఇదేనా?

కావలి లెక్కల టీచరు:
కాదండీ సుబ్బారాయుడు గారూ, అది మోసం, ఆ డబ్బు కట్టకపోవడమే మంచిదయింది. కేరళ లాటరీలో డబ్బు కట్టి గుణకం పెట్టించుకునే పద్ధతి లేదు. మొదటి బహుమతి తగిలిన అంకెలే వేరే సిరీస్‌లో ఉన్న టికెట్లకు కన్సొలేషన్ బహుమతి ఇస్తారు, దానికి వేరే రుసుము ఉండదు. ఆ టికెట్ చేతిలో పట్టుకునే కాగితం, ఫోటో టికెట్ కాదు. అసలైన గుణకానికి ఒక గుర్తు ఉంది. దాని డబ్బు డ్రాకు ముందే టికెట్ ధరతో కలిపి తీసుకుంటారు, పెట్టించుకున్నట్లు టికెట్ మీదే అచ్చవుతుంది. డ్రా అయిపోయిన తరువాత అడిగే ఏ రుసుమూ గుణకం కాదు. పన్నును కూడా బహుమతి ఇచ్చేవారు అందులోంచే మినహాయించుకుంటారు, ముందుగా మన చేత కట్టించుకోరు.

ఇక్కడి వారికి మరొక మాట. 1998 నాటి లాటరీల చట్టం కింద, ఇతర రాష్ట్రాల లాటరీల అమ్మకాన్ని నిషేధించే అధికారం రాష్ట్రాలకు ఉంది. ఇక ఇక్కడ కూర్చుని వెబ్‌సైట్ల ద్వారా విదేశీ లాటరీ టికెట్ కోసం డబ్బు పంపడాన్ని విదేశీ మారక ద్రవ్య నిబంధనలు నిషేధిస్తాయి. వేదాయపాలెం వారు అక్కడ ఉండి దుకాణంలో కొన్నది వేరే సంగతి.

ఆత్మకూరు శ్రీకాంత్:
అట్లాంటాలో చదువుకునే రోజుల్లో పెట్రోలు బంకు కౌంటరులో రాత్రిపూట పని చేశాను కాబట్టి, సెకండ్ ఛాన్స్ గురించి నేను చూసినది చెబుతాను.

తగలని టికెట్ మీద ఉన్న గుర్తు అంకెను లాటరీ వారి యాప్‌లో స్కాన్ చేస్తే డ్రాకు ఒక ఎంట్రీ పడుతుంది. అదనంగా ఏమీ కట్టనవసరం లేదు. కానీ ఎన్ని ఎంట్రీలు వచ్చాయో తెలియకుండా దాని విలువ చెప్పలేము. ఊహకు, 5,000 డాలర్ల బహుమతులు పది పెట్టారనుకుందాం. రెండు లక్షల ఎంట్రీలు వస్తే ఒక్కొక్క దాని విలువ 25 సెంట్లు, పది లక్షలు వస్తే 5 సెంట్లు. గెలుపు అవకాశాన్ని టికెట్ అచ్చువేసిన రోజునే లెక్క కట్టగల స్క్రాచ్ టికెట్‌కూ, ఎంతమంది ఓపికగా స్కాన్ చేస్తారన్న దాని మీద ఆధారపడే ఈ డ్రాకూ తేడా ఇక్కడే ఉంది. జనం బద్ధకిస్తే మీ ఎంట్రీ విలువ పెరుగుతుంది. మా కౌంటరు పక్క చెత్తబుట్ట రోజూ అలాంటి టికెట్లతో నిండేది.

అందువల్ల ఎలాగూ కొన్న టికెట్‌ను స్కాన్ చేయడం మంచిదే, రెండు నిమిషాల పని. ఎంట్రీల కోసమే కొత్త టికెట్లు కొనేవారిని చూశాను, అక్కడ మాత్రం ఉచితమన్న మాట పోతుంది. కొన్ని చోట్ల, డ్రాలో తగిలాక అసలు టికెట్ చూపమంటారు. స్కాన్ చేసి పారేసిన ఒకాయన మా కౌంటరు దగ్గరకు వచ్చి చెత్తబుట్ట వెతికిన రోజు నాకు ఇప్పటికీ గుర్తుంది. ఆయనకు ఆ టికెట్ దొరకలేదు.

ఒంగోలు రాఘవ:
గుణకం సగటు విషయంలో నేను పొరపడ్డాను, ఒప్పుకుంటున్నాను. అయితే అక్కడి మరో లాటరీ మెగా మిలియన్స్‌లో 2025 ఏప్రిల్ నుంచి ప్రతి టికెట్‌కూ గుణకాన్ని ఉచితంగా ఇస్తున్నారు కదా. అది మేలే కదా?

కావలి లెక్కల టీచరు:
ఉచితం కాదండీ. అంతకుముందు టికెట్ 2 డాలర్లు, గుణకం కావాలంటే మరో డాలరు. ఇప్పుడు టికెట్టే 5 డాలర్లు. బహుమతులు కూడా పెంచారు కాబట్టి రెండింటినీ నేరుగా పోల్చడం కుదరదు, కానీ గుణకం వద్దనే వీలు మాత్రం పోయింది. పవర్‌బాల్‌లో ఇప్పటికీ వద్దనవచ్చు.

వేదాయపాలెం వాసి:
మేడమ్ గారూ, మీ వివరణకు కృతజ్ఞతలు. ఇంతకీ మా అబ్బాయి చెప్పిన 30 టికెట్లే మేలంటారా? ఈ రోజు భోజనాల దగ్గర ఫోన్‌లో మళ్లీ అదే వాదన నడిచింది.

కావలి లెక్కల టీచరు:
మీరిద్దరూ వేరువేరు ప్రశ్నలకు జవాబు చెబుతున్నారు. అదే 60 డాలర్లకు పవర్ ప్లేతో 20 టికెట్లు కొంటే, కనీసం ఒక్కసారైనా తగిలే అవకాశం నూటికి 56. మామూలువి 30 కొంటే నూటికి 71. జాక్‌పాట్ అవకాశం కూడా ఒకటిన్నర రెట్లు, అయితే 29 కోట్ల 22 లక్షల్లో 20కి బదులు 30 అన్నమాట. అంతవరకూ మీ అబ్బాయిదే సరి. చేతికి వచ్చే చిన్న మొత్తాలను, అంటే 100 డాలర్ల వరకూ ఉన్నవాటిని, కూడి చూస్తే మీ పద్ధతిలో సగటున 9 డాలర్ల 30 సెంట్లు, ఆయన పద్ధతిలో 5 డాలర్ల 40 సెంట్లు. ఇక్కడ మీది పైచేయి. పవర్ ప్లే తక్కువసార్లు ఎక్కువగా ఇస్తుంది, ఎక్కువ టికెట్లు ఎక్కువసార్లు తక్కువగా ఇస్తాయి.

మీరిద్దరూ చూడని మూడవ దారి కూడా ఉంది. పవర్ ప్లే లేకుండా అవే 20 టికెట్లు 40 డాలర్లకు కొని ఉంటే, చిన్న బహుమతుల ద్వారా సగటున 3 డాలర్ల 60 సెంట్లు వచ్చేవి, మిగిలిన 20 డాలర్లు జేబులోనే ఉండేవి. ఆ ఇరవైని పవర్ ప్లేకు పెట్టినందుకు తిరిగి వచ్చేది, నేను ముందే చెప్పినట్లు, ఆరు డాలర్ల లోపే.

ఒంగోలు రాఘవ:
జాక్‌పాట్‌ను పక్కన పెట్టి లెక్క వేయడం నాకు న్యాయంగా అనిపించడం లేదు. టికెట్‌కు ఇచ్చే 2 డాలర్లలో జాక్‌పాట్ ఆశ కూడా ఉంది కదా. అది 30 కోట్ల డాలర్లుగా ప్రకటించి, ఒకేసారి తీసుకుంటే దాదాపు సగం వస్తుందనుకుంటే, పన్నుకు ముందు టికెట్‌కు 51 సెంట్లు కలుస్తాయి. మీరు చెప్పిన 32తో కలిపితే 83 సెంట్లు, అంటే డాలరుకు దాదాపు 42. మీ పవర్ ప్లే 46 సెంట్లే నయమవుతుంది.

కావలి లెక్కల టీచరు:
లెక్క సరిగ్గానే ఉంది. అయితే ఆ 46లో, ఎవరూ చూడని 17 సెంట్లను ఉంచుకుని, జాక్‌పాట్‌ను కూడా ఉంచుకుంటేనే ఆ పోలిక నిలుస్తుంది. రెండింటినీ తీసేస్తే టికెట్ డాలరుకు ఇచ్చేది 9 సెంట్లు, పవర్ ప్లే ఇచ్చేది 29. జాక్‌పాట్ మరీ పెద్దదైనప్పుడు మామూలు టికెట్‌దే పైచేయి అవుతుంది, కానీ అప్పుడు కొనేవారు పెరిగి ఒకరికంటే ఎక్కువమంది పంచుకునే అవకాశమూ పెరుగుతుంది. దానిని ఎంతగా లెక్కలోకి తీసుకోవాలన్న దాని మీద మీకూ నాకూ ఏకాభిప్రాయం కుదరడం కష్టమే.

వేదాయపాలెం వాసి:
ఈ చర్చ మొత్తాన్ని మా అబ్బాయికి పంపాను. అతని బల్ల సొరుగులో నేను మరిచిపోయి వదిలేసిన స్క్రాచ్ టికెట్లు రెండు దొరికాయట. స్కాన్ చేశాక కాగితాలను పారేయవద్దని చెప్పాను.