కబుర్లు ఇష్టమే, కలవడం ఇష్టం లేదు: నొప్పించకుండా ఎలా చెప్పాలి?

నీలాంబరి
డేటింగ్ యాప్‌లో పరిచయమై వాట్సాప్‌లో మాట్లాడుకుంటున్నాం. ఆదివారం జూబ్లీహిల్స్‌లో కాఫీకి రమ్మన్నాడు. కబుర్లు బాగుంటాయి గానీ ఈ ఆదివారమే కాదు, ఎప్పుడూ కలవాలని లేదు. ఏం రాయాలి? టెక్స్టా, వాయిస్ నోటా? డీపీ దాచాలా?

బెజవాడ అక్షర
టెక్స్టే. వాయిస్ నోట్‌లో గొంతు తడబడితే "మొహమాటపడుతోంది, ఇంకోసారి అడిగితే వస్తుంది" అనుకుంటారు. ఇలా పంపండి:

"పిలిచినందుకు థాంక్స్. నాకు బయట కలవాలని లేదు, ఈ వారమే కాదు, తర్వాత కూడా. నీతో మాట్లాడటం మాత్రం ఇష్టం. చాట్ వరకే అయితే నీకు సరేనా? కాదన్నా నేనేం అనుకోను."

వద్దన్న మాట రెండో వాక్యంలోనే రావాలి. ముందు నాలుగు పొగడ్తలు పెడితే నోటిఫికేషన్‌లో అవే కనబడతాయి, అవునన్నారనుకుని తెరుస్తాడు. "ఈ వారం బిజీ" అంటే వచ్చే వారం అడుగుతాడు. "చూద్దాం" అంటే శనివారం రాత్రి టైం ఎంత అని మెసేజ్ వస్తుంది. చివరి ప్రశ్న తీసేయకండి, చాట్ వరకే ఉండాలా వద్దా అన్నది అతను కూడా తేల్చుకోవాలి.

అడిగిన రోజే పంపాలి. జవాబు ఇవ్వకుండా మధ్యలో మీమ్స్ పంపుకుంటూ పోతే ఒప్పుకున్నట్టే లెక్క.

రాంనగర్ పోరడు
గింత లెటర్ ఎందుకు? "అన్నా" అని పిలువుండ్రి, ఖతం. మన దగ్గర ఎవరికైనా అర్థమైతది.

బెజవాడ అక్షర
అర్థమయ్యేది సగమే. నిన్నటిదాకా పేరు పెట్టి పిలిచి, కాఫీ అనగానే అన్నయ్యని చేస్తే అవమానంగా ఉంటుంది. పైగా కలవనని ఎక్కడా చెప్పినట్టు కాదు. "సరే చెల్లీ, అన్నగానే కాఫీ తాగుదాం" అంటే అప్పుడేం చేస్తారు?

రాంనగర్ పోరడు
అట్ల అనేటోడు మీ మెసేజ్ చదివినా అట్లనే అంటడు. మా ఆఫీసుల అందరు గిదే చేస్తరు, పని అయితది.

కావేరి_డాలస్
ఆఫీసులో పనిచేస్తుంది, రోజూ ఎదురుపడేవాళ్లకి ఒక హద్దు కావాలి కాబట్టి. డేటింగ్ యాప్‌లో కలిసినవాళ్లకి ఆ పిలుపు అబద్ధంలా వినిపిస్తుంది. ఇద్దరూ అందుకు వచ్చినవాళ్లే కదా.

సుబ్బలక్ష్మి
అమ్మాయీ, సంబంధం వద్దనుకుంటే నువ్వు నేరుగా చెప్పకూడదు. మధ్యవర్తి చేత జాతకాలు కలవలేదని చెప్పించు. ఇరువైపులా పరువు నిలుస్తుంది.

కావేరి_డాలస్
ఆంటీ, ఇది సంబంధం కాదు, మధ్యలో ఎవరూ లేరు. జాతకం కూడా "బిజీ" లాంటి సాకే, ఇంకో జ్యోతిష్కుణ్ణి చూపించి మళ్లీ వస్తారు.

చంద్రం
మగవాళ్ల వైపు నుంచి ఒక మాట. "వద్దు" కంటే ఆ తర్వాత వచ్చే "తిన్నావా", "గుడ్ నైట్" ఎక్కువ బాధపెడతాయి. కలవనని చెప్పి రోజూ రాత్రి పన్నెండు దాకా మాట్లాడితే ఏ మనిషైనా ఆశ పెట్టుకుంటాడు. చెప్పాక చాట్ ఆపేయడమే మర్యాద.

బెజవాడ అక్షర
పూర్తిగా ఆపాలని ఒప్పుకోను. అర్ధరాత్రి కబుర్లు, హార్ట్ ఎమోజీలు మానేస్తే చాలు. సినిమాలు, పుస్తకాల మాటలు పగటిపూట సాగనివ్వండి. అతను సరే అన్నాకే.

చంద్రం
బాధలో ఉన్నవాడు "సరే" తప్ప ఇంకేం అంటాడండీ? మీరు మీ సౌకర్యమే చూస్తున్నారు.

యాప్ సేఫ్టీ
డేటింగ్ యాప్ కంప్లయింట్లు చూడటం నా ఉద్యోగం, ఇక్కడ ఎవరూ చెప్పని సంగతి చెబుతా. అన్‌మ్యాచ్ చేయగానే చాలా యాప్‌లలో చాట్ మీ ఫోన్‌లోంచి కూడా పోతుంది. అతను మొండికేస్తే ముందు స్క్రీన్‌షాట్లు, తర్వాత రిపోర్ట్, ఆఖరున అన్‌మ్యాచ్. వద్దన్నాక ఒక్క మెసేజ్ చేసినా, ఆడవాళ్ల వెంటపడి వేధించడం మీద ఉన్న ఐపీసీ 354డీ సెక్షన్ కింద కేసే.

కావేరి_డాలస్
రెండూ తప్పే. 2024 జూలై 1 నుంచి అది భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్. ఒక్క మెసేజ్‌కి వర్తించదు. ఆమె ఇష్టం లేదని స్పష్టంగా తెలిపాక కూడా మగవాడు పదే పదే వెంటపడితేనే. అందుకే సాకులు కాకుండా రాతలో స్పష్టమైన "వద్దు" ఉండటం మంచిది. నీలాంబరి చెప్పిన మనిషి మర్యాదస్తుడిలాగే ఉన్నాడు, కేసుల దాకా ఎందుకు?

నీలాంబరి
ఇలా రాశాను: "థాంక్స్. నాకు ఇప్పుడే కలవాలని లేదు. మాట్లాడటం మాత్రం చాలా ఇష్టం. చాట్ వరకే సరేనా?"

బెజవాడ అక్షర
"ఇప్పుడే" తీసేయండి, తర్వాత కలుస్తారన్నట్టుంది. "చాలా" కూడా. "కాదన్నా ఏం అనుకోను" ఎందుకు వదిలేశారు? పంపాక అతను జవాబిచ్చేదాకా ఇంకేమీ రాయకండి. మౌనానికి భయపడి "కోపం వచ్చిందా?" అని అడిగితే మొత్తం మళ్లీ మొదలవుతుంది.

రాంనగర్ పోరడు
ఇద్దరికీ కామన్ ఫ్రెండ్స్ ఉండి, గ్రూపుల అందరి ముంగట పిలిస్తే? గదీ చెప్పుండ్రి.