ఏడేళ్ల పాపతో నాలుగు రోజుల షూటింగ్: అనుమతి, వేళలు, ఏడుపు సీను

రవళి: ఇరవై నిమిషాల షార్ట్ ఫిల్ము తీస్తున్నాం. మేమంతా హైదరాబాదులో ఉంటాం, షూటింగ్ మాత్రం కరీంనగర్ దగ్గర ఒక పల్లెలో. ముఖ్యపాత్ర మా పక్కింటి పాప, ఏడేళ్లు. వాళ్ల అమ్మ నోటిమాటగా సరేనన్నారు, నానమ్మ తోడు వస్తారు. రాత్రి తండ్రి కోసం ఎదురుచూసే సీనొకటి ఉంది. తండ్రి తాగి వచ్చి అరుస్తాడు, పాప ఏడవాలి. కాగితాలు ఏమేం కావాలి? ఏడుపు ఎలా రాబట్టాలి?

శ్రీనివాస్: చిన్న సినిమాకు ప్రభుత్వ అనుమతి అక్కర్లేదండీ. స్టాంపు కాగితం మీద తల్లిదండ్రుల సంతకం చాలు. రోజుకు ఆరు గంటలు మించకూడదు, అంతే.

మూర్తి: శ్రీనివాస్ గారూ, సంతకం కావాలన్నది నిజమే, కానీ అదొక్కటే చాలదు. ఆరు గంటల లెక్క పద్నాలుగేళ్లు దాటినవాళ్లది. అంతకన్నా చిన్నవాళ్లకు రోజుకు 5 గంటలే, విరామం లేకుండా 3 గంటలు మించకూడదు. బాలకార్మిక చట్టం కింద 2017లో సవరించిన నియమాల్లో ఈ మాట ఉంది. సినిమా చిన్నదా పెద్దదా అన్న తేడా అందులో లేదు.

రవళి గారూ, షూటింగ్ జరిగే జిల్లా కలెక్టరు అనుమతి తీసుకోవాలి, అంటే కరీంనగర్‌లో. ఫారం-సి హామీపత్రం, పాప వివరాలు, తల్లిదండ్రుల సమ్మతి, పాప భద్రతకు బాధ్యత వహించే మీ మనిషి పేరు ఇవ్వాలి. ఆ మనిషిగా సహాయ దర్శకుణ్ణి మాత్రం పెట్టకండి. షాట్ ఆలస్యమైనప్పుడు 'ఇంకొక్కటి' అనే మొదటి గొంతు అతనిదే. ఆ పని తప్ప వేరే పని లేనివాళ్లు కావాలి. హామీపత్రం 6 నెలలు చెల్లుతుంది. సమ్మతిపత్రంలో తాగుడు సీను సంగతి దాచకుండా రాయండి. తల్లికి స్క్రిప్టు చదివి వినిపించాకే సంతకం తీసుకోండి.

జ్యోతి: మా బాబు ఒక సీరియల్లో చేశాడు. టీచరును పెడతామన్నారు, ఆ టీచరు కాగితం మీదే ఉన్నారు. పారితోషికంలో కనీసం 20 శాతం పిల్లల పేరిట జాతీయ బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయాలని మాకు తర్వాత తెలిసింది. అడిగితే 'మీకే ఇచ్చాం కదా' అన్నారు. ఇప్పుడు ఎవరిని అడగాలి?

మూర్తి: జ్యోతి గారూ, ఒప్పందం, చెల్లింపు రసీదులు తీసుకుని కార్మిక శాఖ కార్యాలయంలో రాతపూర్వకంగా ఇవ్వండి. రవళి గారు కూడా ఇది గమనించాలి, చిన్న మొత్తమైనా డిపాజిట్ చేయాల్సిందే. చదువు మాటకొస్తే, నాలుగు రోజులే కాబట్టి దసరా సెలవుల్లో పెట్టుకోండి. బడి ఉన్న రోజుల్లో తీస్తే పాఠం తప్పకుండా చూసే పూచీ మీదే.

రవళి: మరి రాత్రి సీను? పాప ఎనిమిదికే నిద్రపోతుందట.

మూర్తి: పగలే తీయండి. రాత్రి 7 నుంచి ఉదయం 8 వరకు పిల్లలతో పని వద్దని జాతీయ బాలల హక్కుల కమిషన్ మార్గదర్శకాలూ చెబుతున్నాయి. ఇంట్లోపలి సీనే కదా, కిటికీలకు బయటినుంచి నల్లగుడ్డ కట్టి గదిలో ఒక్క బల్బు వెలిగిస్తే రాత్రే. పాప తొమ్మిదికి వస్తే పన్నెండు దాకా ఒక విడత. భోజనం, నిద్ర అయ్యాక మూడు నుంచి ఐదు వరకు రెండోది.

ఏడుపు కోసం 'అమ్మ వెళ్లిపోయింది' లాంటి అబద్ధాలు వద్దు. కన్నీళ్లు వస్తాయి, కానీ మర్నాడు పాప మీ మాట నమ్మదు. 'బాధపడు' అనీ అనకండి, చేయడానికి ఒక పనివ్వండి: 'గేటు చప్పుడైతే తల ఎత్తు. నాన్న కాదని తెలిశాక అన్నం గిన్నె మీద మూత మెల్లగా పెట్టెయ్.' ఆ మూత పెట్టే చేతుల్లోనే సీను వస్తుంది. చెంప మీద ఒక్క నీటిబొట్టు చాలు, గ్లిజరిన్ కళ్లు మండిస్తుంది. తండ్రి అరిచే షాట్లు పాప ఇంటికెళ్లాక తీయండి. ఆమె వైపు షాట్లలో నటుడు మామూలు గొంతుతో మాటలందిస్తే సరిపోతుంది. అరుపు ఎడిటింగులో కలుస్తుంది.

పాపతో ఒక్కరే మాట్లాడాలి, అదీ ఆమె కళ్ల ఎత్తుకు కూర్చుని. ఎదుటివాళ్ల డైలాగు తనే చెప్పేయడం, కళ్లు నలుపుకోవడం, మాటిమాటికీ నానమ్మ వైపు చూడటం మొదలైతే ఆపేయండి. ఆ తర్వాత టేకులు బాగుపడటం నేను చూడలేదు.

శ్రీనివాస్: అరుపు వినకుండా ఆ భయం ఎలా వస్తుందండీ? మంచి నటన కావాలంటే కొంచెం కఠినంగా ఉండాల్సిందే.

జ్యోతి: మా వాడు ఆ 'కొంచెం' తర్వాత మేకప్ గదిలోకే రానన్నాడు.

రవళి: షాట్లు విడగొడతాను. ఒక్క సందేహం: మేకప్, జడలు, కాస్ట్యూమ్ సమయం ఆ 5 గంటల్లోకి వస్తుందా?

మూర్తి: నేనైతే పాప సెట్లో అడుగుపెట్టిన నిమిషం నుంచే లెక్క వేస్తాను. కెమెరా ముందున్న సమయమే పని అని వాదించే మేనేజర్లు ఉన్నారు. అనుమతికి వెళ్లినప్పుడు అక్కడే అడిగి, జవాబు రాయించుకోండి.